అమ్మ కాళ్ల దురద గురించి పెద్దమ్మ ఉత్తరం

చి. సౌ. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు, రిపోర్టులు చూశాను. మోకాళ్ల కింది నుంచి చీలమండల దాకా చర్మం తెల్లగా పొట్టు లేచి ఉంది. గోకిన గీతలు వరసగా కనిపిస్తున్నాయి. రాత్రి పడుకున్నాక దురద ఎక్కువవుతోందనీ, మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గి మళ్లీ మొదలవుతోందనీ రాశావు. మూడు నెలల షుగరు సగటు 9 దాటింది, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 13 ఉంది, అంటే థైరాయిడ్ హార్మోను తక్కువగా ఉంది. నేను డాక్టరును కాను. అయితే చర్మవ్యాధుల ఓపీలో నర్సుగా పనిచేసినంత కాలం ఇలాంటి కాళ్లు చాలా చూశాను కాబట్టి, ఇంట్లో మీరు చేయగలిగింది ఏమిటో, మీ చేతుల్లో లేనిది ఏమిటో విడదీసి రాస్తున్నాను.

మీ అమ్మకు షుగరు, థైరాయిడ్ ఈ రెండు జబ్బులూ రెండు దారుల్లో చర్మాన్ని ఎండబెడుతున్నాయి. షుగరు ఎక్కువగా ఉన్నప్పుడు అది మూత్రంతో పాటు ఒంట్లోని నీటిని లాక్కుపోతుంది. అది కొన్నేళ్లు అలాగే ఉంటే కాళ్లలో చెమట గ్రంథులను నడిపే సన్నని నరాలు దెబ్బతిని, పాదాలకూ పిక్కలకూ చెమట పట్టడం తగ్గిపోతుంది. థైరాయిడ్ హార్మోను తక్కువైతే చెమటా తగ్గుతుంది, చర్మానికి సహజంగా ఉండే జిడ్డూ తగ్గుతుంది. అందుకే మీ అమ్మకు ఒళ్లు చల్లగా, గరుకుగా తగులుతోంది, జుట్టు కూడా రాలుతోంది. దీనికి తోడు చలికాలపు పొడిగాలి, వయసు ఉండనే ఉన్నాయి. పిక్కల ముందు భాగంలో జిడ్డు గ్రంథులు మామూలుగానే తక్కువ కనుక దురద ముందుగా అక్కడే మొదలవుతుంది.

అయితే షుగరు ఉన్నవాళ్లకు వచ్చే దురదంతా పొడిదనం వల్లనే అనుకోకూడదు. పగటి వెలుతురులో మీ అమ్మను కూర్చోబెట్టి ఒకసారి ఒళ్లంతా చూడు. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో తేటగా ఉన్న మచ్చ అయితే అది తామర కావచ్చు. రొమ్ముల కింద, గజ్జల్లో ఎర్రగా ఒరుసుకుపోయి మంట పుడుతున్నా, మర్మస్థానంలో దురదగా ఉన్నా అది చాలావరకు ఫంగస్. షుగరును మూత్రంలోకి వదిలే కొత్త రకం మాత్రలు, అంటే డాపాగ్లిఫ్లోజిన్ వంటివి, వాడేవాళ్లలో ఇది మరీ ఎక్కువ కాబట్టి మాత్రల పేర్లు చూడు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులు లేచి, ఇంట్లో ఇంకొకరు కూడా రాత్రిళ్లు గోక్కుంటుంటే గజ్జి అని అనుమానించాలి. దానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు వాడాలి. ఇవేవీ లేక, నువ్వు పంపిన ఫోటోల్లో ఉన్నట్టు పొట్టూ గీతలూ మాత్రమే ఉంటే కింది పద్ధతి పనిచేస్తుంది.

ముందు స్నానం సంగతి. చలికాలంలో సలసల కాగిన నీళ్లు పోసుకుంటే దురద తగ్గినట్టు అనిపిస్తుంది కానీ, ఆ వేడి చర్మంలో మిగిలిన కాస్త జిడ్డును కరిగించేసి గంట తిరక్కుండానే దురదను రెట్టింపు చేస్తుంది. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, స్నానం పది నిమిషాల్లో ముగియాలి. నీటి వేడిని మీ అమ్మ పాదంతో చూడనివ్వకు. స్పర్శ తగ్గిన పాదానికి కాలినా తెలియదు కనుక మోచేతితో నువ్వు చూడు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు, పిక్కలకు అక్కర్లేదు. సున్నిపిండితో నలుగు పెట్టడం, పీచుతో రుద్దడం, నీళ్లలో డెట్టాల్ లాంటి మందు కలపడం కొన్నాళ్లు మానేయాలి. మా తరం వాళ్లకు మట్టి రాలేదాకా రుద్దకపోతే స్నానం చేసినట్టే ఉండదు, కాబట్టి మీ అమ్మ దీనికి ఒప్పుకోదని నాకు తెలుసు. అయినా నా మాటగా చెప్పు.

ఒళ్లు తుడిచేటప్పుడు తువ్వాలుతో రుద్దకుండా అద్ది, చర్మం ఇంకా కొంచెం చెమ్మగా ఉండగానే, మూడు నాలుగు నిమిషాల్లోపు క్రీము రాయాలి. మనం రాసే క్రీము బయటి నుంచి పెద్దగా నీటినివ్వదు, స్నానంతో చర్మంలోకి చేరిన నీరు ఆవిరైపోకుండా మూత పెడుతుంది. ఒళ్లు ఆరిపోయి, చీర కట్టుకుని, టిఫిను తిన్నాక రాస్తే సగం ఫలితం పోతుంది.

చాలామంది క్రీము పనిచేయలేదని చెప్పేది, నిజానికి సరిపడా రాయకపోవడం వల్ల. మీ అమ్మ కొన్న 50 గ్రాముల ట్యూబు నెలన్నర వచ్చిందని రాశావు కదా, దాని లెక్క చూద్దాం. ట్యూబు నుంచి చూపుడు వేలి కొసనుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. ఒక కాలు మొత్తానికి ఆరు వేలికొసలు, ఒక పాదానికి రెండు కావాలి. అంటే రెండు కాళ్లకూ పాదాలకూ కలిపి పదహారు, ఒక పూటకు 8 గ్రాములు. తొడలను వదిలి మోకాళ్ల కింద మాత్రమే రాసినా పూటకు 5 గ్రాములు తగ్గకూడదు. రోజుకు రెండు పూటలు కాబట్టి, ఆ ట్యూబు అయిదు రోజుల్లో అయిపోవాలి. నెలన్నర వచ్చిందంటే అవసరమైన దానిలో తొమ్మిదో వంతు రాసినట్టు. ఇంత క్రీము ఖరీదైనది కొంటే భరించలేం, కొననక్కర్లేదు కూడా. వాసన లేని తెల్ల పెట్రోలియం జెల్లీ పెద్ద డబ్బా గానీ, లిక్విడ్ పారఫిన్, గ్లిజరిన్ ఉన్న మామూలు క్రీము గానీ చాలు. జెల్లీ జిడ్డుగా ఉంటుందని మీ అమ్మ గొణిగితే పగలు క్రీము, రాత్రి జెల్లీ పెట్టండి. మీ ఇంట్లో అందరూ నమ్మే కొబ్బరినూనె కూడా మంచిదే, కానీ స్నానానికి ముందు రాసి సబ్బుతో కడిగేయడం వృథా. తడి ఆరకముందే తర్వాత రాయాలి. ఏది రాసినా పై నుంచి కిందికి, రోమాలు పెరిగే దిక్కుగానే రాయాలి. పైకి రుద్దితే రోమాల మొదళ్లలో చిన్న కురుపులు లేస్తాయి. రాశాక పాదాలు జారతాయి కనుక బాత్రూంలో కాకుండా మంచం మీద కూర్చోబెట్టి రాయి.

పాదాల దగ్గర మాత్రం జాగ్రత్త వేరు. మడమలు మందంగా, గట్టిగా ఉంటే 10 శాతం యూరియా ఉన్న క్రీము రాత్రిపూట రాసి నూలు మేజోళ్లు తొడగండి. పగులు లోతుగా, ఎర్రగా తెరుచుకుని ఉంటే మాత్రం యూరియా మండుతుంది, అక్కడ జెల్లీయే మంచిది. వేళ్ల సందుల్లో ఏ క్రీమూ రాయకూడదు. అక్కడ చెమ్మ నిలిస్తే తెల్లగా నానిపోయి ఫంగస్ పుడుతుంది కాబట్టి పొడిగా తుడిచి వదిలేయాలి. ఉప్పునీళ్లలో పాదాలు నానబెట్టడం, బ్లేడుతో మడమ గీకడం, ఆనెలకు యాసిడ్ బిళ్ల అంటించడం షుగరు ఉన్నవాళ్లు చేయకూడని పనులు.

ఆ షాపు ట్యూబు ఆపించు. దాని వెనక చూస్తే క్లోబెటాసోల్ అనే బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసి ఉన్నాయని రాసి ఉంది. రాసిన నాలుగు రోజులు దురద అణుగుతుంది, మానగానే తిరిగి వస్తుంది. ఇలా నెలలు గడిస్తే చర్మం పలచబడి చిన్న దెబ్బకే చిట్లుతుంది. తామర ఉంటే దాని రూపం మారిపోయి డాక్టరు కూడా గుర్తుపట్టలేని విధంగా పాకుతుంది. అలాగే నిద్ర మత్తు కలిగించే దురద మాత్రలు ఈ వయసులో తూలిపడటానికి, మూత్రం బిగుసుకుపోవడానికి కారణమవుతాయి. పొడిదనం వల్ల వచ్చే దురదకు అవి పెద్దగా పనిచేయవు కూడా. గోళ్లు పొట్టిగా కత్తిరించి, దురద వేసినప్పుడు గోకకుండా చల్లని తడిగుడ్డ కాసేపు వేయడం అంతకంటే మేలు.

ఈ పద్ధతి సరిగ్గా పాటిస్తే రెండు వారాల్లో పొట్టు, దురద బాగా తగ్గాలి. థైరాయిడ్ వల్ల వచ్చిన గరుకుదనం మాత్రం అంత తొందరగా పోదు, ఎందుకంటే మాత్ర మోతాదు మార్చాక మళ్లీ టీఎస్‌హెచ్ చూడటానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. మీ అమ్మ ఆ మాత్రను కాఫీతో మింగుతుందని నాకు అనుమానం. పరగడుపున నీళ్లతోనే మింగి, కాఫీకైనా టిఫినుకైనా అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలుంటే దానికి నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు పెంచమని అడిగే ముందు ఇది సరిచేయండి.

ఇక మీరు ఆగకూడని సందర్భాలు. పాదం మీద పుండు, బొబ్బ, నలుపు తిరిగిన మచ్చ, చీము, దుర్వాసన, లేదా వేడిగా ఎర్రబడి పైకి పాకుతున్న వాపు కనిపిస్తే, నొప్పి లేకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు వచ్చిన కాళ్లలో నొప్పి లేకపోవడాన్ని మంచి లక్షణంగా తీసుకోకూడదు. దానితో జ్వరం, వణుకు ఉంటే రాత్రయినా సరే అత్యవసర విభాగానికే తీసుకెళ్లండి. కొత్త మాత్ర మొదలుపెట్టాక దద్దుర్లు లేచి నోట్లో పుళ్లు పడినా, పెదాలు వాచి ఊపిరి ఆడకపోయినా అంతే. మీ అమ్మ వింతగా మగతగా, ఒళ్లు మంచులా చల్లబడి, మాట మందగించి కనిపిస్తే అది థైరాయిడ్ బాగా తగ్గిన సూచన కావచ్చు, షుగరు పడిపోవడమూ కావచ్చు. ముందు గ్లూకోమీటరుతో చూసి, ఏమైనా సరే ఆలస్యం చేయకుండా బయలుదేరండి.

అంత తొందర లేకపోయినా తప్పక చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి. రెండు మూడు వారాలు సరిగ్గా రాసినా తగ్గకపోవడం, పొట్టూ మచ్చా ఏమీ లేకుండా ఒళ్లంతా దురద, కళ్లు పచ్చబడటం, ముదురు రంగు మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం. షుగరు మూత్రపిండాలను దెబ్బతీసినప్పుడు మచ్చలేని దురద వస్తుంది కాబట్టి, క్రియాటినిన్, కాలేయ పరీక్ష, రక్తహీనత పరీక్ష ఎప్పుడు చేయించారో చూసుకుని, ఏడాది దాటితే డాక్టరును అడగండి. వెళ్లేటప్పుడు మింగే మాత్రల అట్టలన్నీ, ఆ షాపు ట్యూబుతో సహా, ఒక సంచిలో వేసుకెళ్లండి. మేజోళ్లు విప్పి పాదాలు చూడమని మీరే అడగండి, రద్దీలో అది వాళ్లకు గుర్తుండదు.

రెండు వారాల తర్వాత ఇదే వెలుతురులో మళ్లీ ఫోటోలు తీసి పంపు. కానీ పాదం మీద చిన్న పుండు కనిపించినా నాకు ఫోటో పంపి జవాబు కోసం ఎదురు చూడకు, ముందు ఆసుపత్రికి బయలుదేరు.

ఇట్లు,
మీ పెద్దమ్మ