చెరువు కట్ట మీద కాంటూర్లు రింగులుగా వస్తున్నాయి: తప్పు ఎక్కడుంది?

ప్రశ్న: "అన్నా, టోటల్ స్టేషన్ పాయింట్లు సివిల్ 3డీలోకి ఎక్కించి సర్ఫేస్ చేశాను. చెరువు లోపల కాంటూర్లు బాగానే ఉన్నాయి. కట్ట మీద మాత్రం పూసలు గుచ్చినట్టు రింగులు రింగులుగా వస్తున్నాయి. పాయింట్లు తప్పా, నేనేమైనా తప్పు చేశానా?"

తమ్ముడూ, పాయింట్లు తప్పు కాకపోవచ్చు. అనంతపురం దగ్గర ఒక చెరువు కట్ట బలోపేతం పనికి నేను సర్వే చేసినప్పుడు అచ్చం ఇదే వచ్చింది. రెండు రోజులు టెన్షన్ పడి, చివరికి కారణం పట్టుకున్నాను.

ముందు ఫైల్ సంగతి చూసుకో. ఇంపోర్ట్‌లో `PNEZD` ఫార్మాట్ ఎంచుకుంటే వరుస ఇలా ఉండాలి: పాయింట్ నంబర్, నార్తింగ్, ఈస్టింగ్, ఎత్తు, కోడ్.

```
118,1624650.412,780214.880,343.215,CL
119,1624656.012,780222.780,339.108,TOE
207,1624701.236,780188.305,0.000,TOE
```

అనంతపురం యూటీఎం 43వ జోన్‌లో ఉంటుంది, కడప 44లో. కర్నూలు ఊరు రెండు జోన్ల సరిహద్దుకు ఆనుకునే ఉంది, కాబట్టి అక్కడ పనిచేసేవాళ్ళు జోన్ రెండుసార్లు చూసుకోవాలి. మన వైపు నార్తింగ్‌లో దశాంశ బిందువుకు ముందు ఏడు అంకెలు, ఈస్టింగ్‌లో ఆరు అంకెలు ఉంటాయి. ఆ రెండూ తారుమారైతే మ్యాప్ ఎక్కడికో పోవడమే కాదు, అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. మరవ కుడి వైపు ఉండాల్సింది ఎడమ వైపు కనిపిస్తే అదే కారణం.

పైన 207 చూశావా? ఎత్తు సున్నా. అలాంటిది ఒక్కటి సర్ఫేస్‌లోకి వెళ్ళినా అక్కడ 340 మీటర్ల గొయ్యి పడి, కాంటూర్లన్నీ నల్లగా ముద్దకడతాయి. సర్ఫేస్ ప్రాపర్టీస్‌లో `Statistics` ట్యాబ్ తెరిచి కనిష్ఠ, గరిష్ఠ ఎత్తులు చూస్తే అర నిమిషంలో దొరికిపోతుంది. ఇంకొకటి, సర్ఫేస్‌కి `_All Points` గ్రూపు ఇవ్వొద్దు. కరెంటు స్తంభం పైభాగం, బావి అడుగు, గోడ మీద పెట్టిన బెంచ్‌మార్క్ అన్నీ నేలలో కలిసిపోతాయి. నేల కోడ్‌లు ఉన్న పాయింట్లతో వేరే గ్రూపు చేసి దాన్నే ఇవ్వు.

ఇక రింగుల విషయం. సర్ఫేస్ స్టైల్‌లో త్రిభుజాలు ఆన్ చేసి, కాంటూర్ స్మూతింగ్ ఆఫ్ చేసి కట్ట మీదకు జూమ్ చెయ్యి. స్మూతింగ్ ఉంటే తప్పులు నునుపుగా కనబడి మోసం చేస్తాయి.

నా కేసులో కట్ట పైభాగం వెడల్పు 3 మీటర్లు, ఎత్తు దాదాపు 4 మీటర్లు, అడుగు వెడల్పు 19 మీటర్లు. ప్రిజం పట్టుకున్న కుర్రాడు కట్ట మీద మధ్యలో ఒక్క వరుసే, 30 మీటర్లకొకటి చొప్పున పాయింట్లు ఇచ్చాడు. కట్ట పాదం దగ్గర, నీటి వైపూ ఆయకట్టు వైపూ, 15 మీటర్లకొకటి ఇచ్చాడు. అంటే కట్ట పైన వరసగా ఉన్న రెండు పాయింట్ల నడుమ, సరిగ్గా మధ్యలో, రెండు పక్కలా ఒక్కో పాదం పాయింటు పడింది. పైనున్న రెండు పాయింట్ల మధ్య దూరం 30 మీటర్లు. ఎదురెదురు పాదాల మధ్య దూరం 19 మీటర్లే. సాఫ్ట్‌వేర్‌కి అక్కడ కట్ట ఉందని తెలీదు. దానికి తెలిసింది పాయింట్ల స్థానాలే, సన్నటి త్రిభుజాల కంటే నిండుగా ఉండేవాటినే ఎంచుకుంటుంది. అందుకే పైనున్న వాటిని ఒకదానితో ఒకటి కలపకుండా, నీటి వైపు పాదాన్ని ఆయకట్టు వైపు పాదంతో అడ్డంగా కలిపేసింది. ఆ గీత మధ్యలో ఎత్తు 339.1. నిజంగా అక్కడ కట్ట ఎత్తు 343.2. కట్టకు 30 మీటర్లకొక చోట 4 మీటర్ల లోతు గండి కొట్టినట్టు! ప్రతి పైపాయింటూ ఒక చిన్న గుట్ట అయిపోయి దాని చుట్టూ కాంటూర్లు రింగు కట్టాయి. నీకు పూసల్లా కనిపిస్తున్నవి అవే.

ఒకటి రెండు చోట్ల అయితే `Swap Edge` తో గీత తిప్పేయొచ్చు. కట్ట పొడవునా ఉంటే అది పని కాదు. బ్రేక్‌లైన్ ఇవ్వాల్సిందే. బ్రేక్‌లైన్ అంటే "ఏ త్రిభుజం అంచూ ఈ గీతను దాటకూడదు" అని చెప్పడం. `3DPOLY` కమాండ్ ఇచ్చి, తర్వాత `'PN` టైప్ చేసి, కట్ట మీది పాయింట్ నంబర్లు వరసగా ఇవ్వు. నోడ్ స్నాప్‌తో పట్టుకుంటే, పాయింట్ స్టైల్‌లో ఎత్తును చదును చేసే సెట్టింగ్ ఉన్నప్పుడు Z సున్నా రావచ్చు. అందుకే నంబర్లతో ఇవ్వమంటున్నా. తర్వాత సర్ఫేస్ `Definition` కింద `Breaklines` మీద రైట్ క్లిక్ చేసి, `Add` నొక్కి, `Standard` రకంగా చేర్చు. రెండు పాదాలకూ ఇలాగే ఒక్కో గీత.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. తొందరలో `3DPOLY` బదులు `PLINE` తో గీశాను. అది మొదటి పాయింటు ఎత్తునే మొత్తం గీతకు తీసుకుంటుంది. కట్ట అంతా 343.215 దగ్గర తాడు లాగినట్టు సమంగా వచ్చింది. రింగులు పోయాయి, కాంటూర్లు చక్కగా ఉన్నాయి, పని అయిపోయిందనుకున్నా. కానీ మరవకు దగ్గర్లో కట్ట కుంగి నిజానికి 342.6 ఉంది. కట్ట మీద నడిచినప్పుడు ఆ కుంగిన చోటు నా కంటితో చూశాను, డ్రాయింగ్‌లో అది లేదు! పెద్ద వాన వచ్చి చెరువు నిండితే నీళ్ళు ముందు కట్ట మీదుగా పారేది అక్కడే. ఆ సర్ఫేస్‌తో ఎస్టిమేట్ వేసి ఉంటే అక్కడ వెయ్యాల్సిన మట్టి లెక్కలోకే వచ్చేది కాదు. రింగులైనా తప్పుందని చెబుతాయి, అందంగా వచ్చిన తప్పు ఏమీ చెప్పదు. బ్రేక్‌లైన్ చేర్చే ముందు పాలీలైన్‌ను ఎంచుకుని ఒక్కో మలుపు దగ్గర Z చూసుకో.

బ్రేక్‌లైన్ ఇచ్చాక కూడా నా కట్ట పైభాగం ఇంటి చూరులా మొనదేలింది, ఎందుకంటే మధ్యలో ఒక్క వరుసే ఉంది. 3 మీటర్ల చదును భాగం ఎక్కడా లేదు. కొలవనిదాన్ని బ్రేక్‌లైన్ పుట్టించలేదు కదా. మళ్ళీ సైట్‌కి వెళ్ళి పైభాగం రెండు అంచులూ 15 మీటర్లకొకటి, కుంగిన చోట 5 మీటర్లకొకటి తీసుకున్నాం. నీ దగ్గరా ఒక్క వరుసే ఉంటే ఇంకో పూట సైట్‌లో పెట్టక తప్పదు.

చెరువు అంచు వంపు తిరిగిన చోట్ల, సర్వే చెయ్యని పొలాల మీదుగా పొడుగాటి త్రిభుజాలు కూడా వస్తాయి. సర్ఫేస్ ప్రాపర్టీస్‌లో, `Definition` ట్యాబ్ `Build` కింద గరిష్ఠ త్రిభుజ పొడవు 50 మీటర్లు పెడితే చాలావరకు పోతాయి. మిగిలినవి `Outer` బౌండరీతో కత్తిరించు.

ఈసారి సైట్‌కి వెళ్ళినప్పుడు కట్ట మీద అక్కడక్కడా ఐదారు పాయింట్లు అదనంగా తీసుకో. వాటిని నేల గ్రూపులో కలపకుండా పక్కన పెట్టు. సర్ఫేస్ పూర్తయ్యాక అదే చోట స్పాట్ ఎలివేషన్ లేబుల్ వేసి పోల్చు. నాకు చివరికి తేడా 5 సెంటీమీటర్లలోపే వచ్చింది. నీకు ఏ పాయింటు దగ్గరైనా పది దాటితే ఆ చుట్టుపక్కల త్రిభుజాల స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టు, చూస్తాను.