దాణా వదిలేసి గడ్డే తింటున్న పాడి ఆవు

ప్రశ్న: సార్, మా హెచ్.ఎఫ్. సంకర ఆవు మూడో ఈత. ఈని మూడు వారాలైంది. రోజుకు 18 లీటర్లు ఇచ్చేది, వారంగా 11కి పడిపోయింది. దాణా ముట్టడం లేదు, గడ్డి మాత్రం కొరుకుతోంది. జ్వరం లేదు. బలానికని రోజూ కిలో బెల్లం పెడుతున్నాం. ఏం చేయాలి? – ఒక పాడి రైతు, పలమనేరు

జవాబు: ముందు బెల్లం ఆపండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ కీటోసిస్ వైపే చూపిస్తున్నాయి. ఈ జబ్బులో ఆవు రక్తంలో చక్కెర తగ్గుతుంది కాబట్టి తీపి పెడితే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఆవు తిన్న బెల్లం చక్కెరగా రక్తంలోకి చేరదు. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులే దాన్ని పులియబెట్టేస్తాయి. అందులో పుట్టే ఆమ్లాల్లో కొంత, ఈ జబ్బులో రక్తంలో పేరుకునే కీటోన్లుగానే మళ్లీ మారుతుంది. ఎక్కువైతే పొట్ట పులిసి, ఉన్న మేత కూడా మానేస్తుంది.

అసలు లోటు ఎక్కడుందో లెక్క వేద్దాం. 400 కిలోల ఆవు తన ఒళ్లు నిలబెట్టుకోవడానికే రోజుకు సుమారు 3 కిలోల జీర్ణమయ్యే పోషకాలు కావాలి. లీటరు పాలకు మరో 330 గ్రాముల దాకా కావాలి. అంటే 18 లీటర్లకు మొత్తం 9 కిలోలు. మన దగ్గర మామూలుగా పెట్టే 25 కిలోల పచ్చిమేత, 3 కిలోల వరిగడ్డి, 4 కిలోల దాణా కలిపితే వచ్చేది ఆరున్నర కిలోలు. మిగతాది ఒంటి కొవ్వు కరిగించి పాలలో పోస్తుంది. ఆ కొవ్వంతా కాలేయానికి చేరితే అది తట్టుకోలేక కీటోన్లు తయారుచేస్తుంది. కీటోన్లు పెరిగితే ఆకలి చస్తుంది, మొదట వదిలేది దాణానే. దాణా పోయాక గడ్డితో వచ్చే 4 కిలోలు ఒంటికి పోను రెండు మూడు లీటర్లకే సరిపోతాయి.

అనుమానం తీర్చుకోవడం తేలికే. మనుషుల షుగర్ జబ్బుకు వాడే కీటోన్ మూత్రం పట్టీలు మందుల షాపులో దొరుకుతాయి. పొద్దున ఆవు పడుకున్న చోటు నుంచి లేవగానే మూత్రం పోస్తుంది, శుభ్రమైన గిన్నెలో పట్టుకోండి. పట్టీ ముంచి తీసి, డబ్బా మీద రాసినంత సేపే, సాధారణంగా 15 సెకన్లు, ఆగి రంగు చూడండి. ఎక్కువ ఆగితే రంగు ముదిరి తప్పు చెబుతుంది. లేత గులాబీ బాగా పాలిచ్చే ఆరోగ్యమైన ఆవులోనూ రావచ్చు. ముదురు ఊదా వస్తే సందేహం అక్కర్లేదు. పశువైద్యశాలలో రోథెరా పరీక్ష చేస్తారు, అందులో పాలకే ఊదా రంగు వస్తే మరింత నమ్మకం. రక్తపు చుక్కతో చూసే మీటరుంటే, బి.హెచ్.బి. అనే కీటోన్ లీటరుకు 1.2 మిల్లీమోల్ దాటితే లోపల జబ్బు మొదలైనట్టు. లక్షణాలు బయటపడిన ఆవుల్లో తరచూ 3 దాటి ఉంటుంది. పేడ గట్టిపడి జిగురు పూసినట్టుండడం, ఊపిరిలో నెయిల్ పాలిష్ తుడిచే మందులాంటి తీపి వాసన రావడం కూడా గుర్తులే. అయితే ఆ వాసన అందరికీ తెలియదు.

చికిత్సకు పశువైద్యుణ్ని పిలవండి. నరానికి డెక్స్ట్రోజ్ అనే చక్కెర ద్రావణం ఎక్కిస్తారు, అవసరమైతే స్టెరాయిడ్ సూది వేస్తారు. డెక్స్ట్రోజ్ పని కొద్ది గంటలే. అందుకే దాని వెంట రోజుకు ఒకసారి 300 మి.లీ. ప్రొపిలీన్ గ్లైకాల్ ఐదు రోజులు తాగించాలి. ఇది బెల్లంలా పొట్టలోనే పూర్తిగా పులిసిపోదు, కాలేయానికి చేరి చక్కెరగా మారుతుంది. పోసేటప్పుడు తల మరీ పైకెత్తకండి, నాలుక పట్టి లాగకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. మూడు రోజుల్లో దాణా వైపు రాకపోతే లోపల వేరే కారణం, గర్భసంచిలో చీము పట్టడమో, జఠరం పక్కకు తిరగడమో ఉందేమో డాక్టరు చేత చూపించండి.

కోలుకున్నాక దాణాను రెండు మూడు రోజులకోసారి అర కిలో చొప్పున పెంచి 7 కిలోలకు తీసుకెళ్లండి. అందులో మొక్కజొన్న రవ్వ వాటా ఎక్కువ ఉండాలి. ఒకేసారి కాక మూడు నాలుగు పూటలుగా పెట్టండి, వరిగడ్డి కిలోన్నరకు తగ్గించండి. అప్పుడు పై లెక్కలో లోటు కిలోకు దిగుతుంది, ఆ మాత్రం ఆవు భరించగలదు. పెద్ద పొట్టను దాటాక జీర్ణమయ్యే కొవ్వు, బైపాస్ ఫ్యాట్, రోజుకు 150 గ్రాములు మంచిదే, కానీ కీటోసిస్ తగ్గాకే మొదలుపెట్టండి. ఇప్పటికే కొవ్వుతో సతమతమవుతున్న కాలేయానికి అది మందు కాదు.

వచ్చే ఈతకు పని ఈనడానికి మూడు వారాల ముందే మొదలవ్వాలి. కిలో దాణాతో ప్రారంభించి ఈనే రోజుకు మూడు కిలోలకు చేర్చండి, పొట్ట దాణాకు అలవాటు పడుతుంది. వట్టిపోయిన రోజుల్లో మాత్రం ఒళ్లు చేయనివ్వకండి. పక్కటెముకలు చేతికి తగలనంతగా కొవ్వు పట్టిన ఆవే ఈనాక మేత తగ్గించి ముందుగా ఈ జబ్బున పడుతుంది. ఈనాక 5వ రోజు నుంచి మూడు వారాల వరకు వారానికోసారి పట్టీ పెట్టి చూస్తే, పాలు తగ్గకముందే తెలుస్తుంది.