పొరల గీతలు పోవాలంటే కొత్త ప్రింటర్ కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయి ప్రాడక్ట్ డిజైన్ కోర్సుకి అప్లై చేస్తోంది. పోర్ట్‌ఫోలియో కోసం త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ఒక హెల్మెట్ చేసి, సాండ్‌పేపర్ పట్టి, ఫిల్లర్ ప్రైమర్ కొట్టి, వెండి రంగు వేసింది. మొదటి రోజు అద్దంలా ఉంది. వారం తిరిగేసరికి ప్రింట్ పొరల గీతలన్నీ మళ్లీ పైకి తేలాయి. ఈ ఫీల్డ్‌కి కావలసిన చేతి నైపుణ్యం తనకి లేదేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. రెజిన్ ప్రింటర్ కొనిస్తే సరిపోతుందా, లేక ఫినిషింగ్ నేర్పే సర్టిఫికెట్ కోర్సులో చేర్పించాలా? ఇంకా నెల టైమ్ ఉంది. – ఒక తల్లి

జవాబు: మొదటి రోజు బాగుండి, వారానికి గీతలు వచ్చాయంటే అమ్మాయి గీతల్ని సరిగ్గానే పూడ్చింది. చేతి నైపుణ్యం లేనివాళ్లకి మొదటి రోజే బాగుండదు. పూడ్చిన పదార్థం పూర్తిగా ఆరకముందే తర్వాతి పని మొదలుపెట్టింది, జరిగింది అంతే. మీ దిగులుకి నా జవాబు ఇక్కడితో అయిపోయింది. మిగతాది పని గురించి.

ఫిల్లర్ ప్రైమర్‌లో గట్టి పొడి కొంత, దాన్ని పలచగా ఉంచే ద్రావకం కొంత ఉంటాయి. ద్రావకం ఆవిరైపోతే పొడి మిగులుతుంది, ఆ మేరకు పూత కుంచించుకుపోతుంది. ఒకేసారి మందంగా కొడితే పైపొర ముందు ఆరి చర్మం కడుతుంది. కింద ద్రావకం చిక్కుకుపోయి చాలా రోజుల పాటు మెల్లగా బయటికి వస్తుంది. పీఎల్ఏ ప్రింట్ మీద ప్రతి పొరకీ ఒక గట్టు, రెండు పొరల మధ్య ఒక పల్లం ఉంటాయి. పల్లంలో ప్రైమర్ మందంగా ఉంటుంది కాబట్టి కుంచించుకోవడం కూడా అక్కడే ఎక్కువ. పైన నునుపుగా సాండింగ్ చేసి రంగు వేసేశాక కింద పల్లం దిగిపోతే, రంగు కూడా దానితో పాటే దిగుతుంది. వెండి రంగు కాంతిని తిప్పికొడుతుంది కాబట్టి వెంట్రుకవాసి తేడా కూడా కనబడిపోతుంది.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అడగాలి. తను ఆ పని చేస్తున్న రోజుల్లో ఇంట్లో ఎవరైనా "ఆ బొమ్మ ఇంకా ఎప్పటికి అవుతుంది, చదువు ఎప్పుడు" అన్నారా? ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. చాలావాటిలో పూత ఆరకపోవడానికి కారణం ఇంట్లో తొందరే. ఇది ఆరబెట్టడం మీద నడిచే పని. ప్రైమర్ కొట్టి రెండు రోజులు ముట్టుకోకుండా ఉన్న పిల్లని ఖాళీగా కూర్చుందని అనకండి. పని చేస్తున్నట్టే లెక్క.

ఆ హెల్మెట్ పారేయనివ్వకండి. కుంచించుకోవలసినది చాలావరకు ఇప్పటికే కుంచించుకుంది కాబట్టి, అదే ఇప్పుడు మంచి పునాది. మరో వారం గాలి ఆడే చోట వదిలేసి, 320 నంబరు పేపర్‌తో తడిగా వెండి రంగుని అరగదీసి, అక్కడి నుంచి మొదలుపెట్టమనండి. ఎండలోనో హెయిర్ డ్రయ్యర్ ముందో ఆరబెడితే త్వరగా అవుతుందని మాత్రం సలహా ఇవ్వకండి. పీఎల్ఏ దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. గీతలు పోవడం అటుంచి హెల్మెట్ ఆకారమే వంకర పోతుంది.

హెల్మెట్‌లో రెండు రకాల చోట్లు ఉన్నాయని తనకి చెప్పండి. పక్కలు దాదాపు నిలువుగా ఉంటాయి. అక్కడ గీతలు సన్నం, ప్రైమర్ ఒక్కటే పూడ్చగలదు. నెత్తి మీద అలా కాదు. వాలు తగ్గేకొద్దీ పొరల అంచులు మెట్లలా విడిపోతాయి. పొర మందం 0.2 మిల్లీమీటర్లు, వాలు 10 డిగ్రీలు అయితే ఒక్కో మెట్టు వెడల్పు 1 మిల్లీమీటరు దాటుతుంది. ఈ మెట్లని ప్రైమర్‌తో పూడ్చాలని చూసేవాళ్లే మందంగా కొడతారు. మీ అమ్మాయి హెల్మెట్‌లో గీతలు నెత్తి మీదే ఎక్కువగా తేలాయేమో చూడండి. అదే అయితే అక్కడ పుట్టీ వాడాలి.

పుట్టీల్లో ట్యూబులో వచ్చే స్పాట్ పుట్టీ కూడా ద్రావకంతో ఆరేదే, కుంచించుకునేదే. సన్నని గీతలకి పలచగా రాయడానికి అది చాలు. మెట్లకి మాత్రం గట్టిపరిచే పేస్టు కలిపి వాడే రెండు భాగాల పుట్టీ మేలు. అది రసాయన చర్యతో గట్టిపడుతుంది కాబట్టి ద్రావకం పోయి దిగబడే సమస్య చాలా తక్కువ. కొద్ది కొద్దిగా కలుపుకుని, ప్లాస్టిక్ కార్డు అంచుతో పొరలకి అడ్డంగా గట్టిగా లాగితే పల్లాల్లో మాత్రమే మిగులుతుంది. కుప్పగా పెట్టి తర్వాత అరగదీయడం శుద్ధ దండగ. పక్కనున్న ప్లాస్టిక్ కూడా అరిగిపోయి కొత్త గుంట పడుతుంది.

ఇక సాండింగ్. చాలామంది పిల్లలు ఉత్త ప్లాస్టిక్‌నే అద్దంలా చేయాలని రోజంతా అరగదీస్తారు. అక్కర్లేదు. నెత్తి మీది మెట్లకి 120 లేదా 150, పక్కలకి 220, అక్కడితో ఆపేయాలి. ఆ మాత్రం గరుకు ఉంటేనే ప్రైమర్ పట్టుకుంటుంది. గీతల వెంట కాకుండా వాటికి ఏటవాలుగా రుద్దాలి. కరెంటు సాండర్ వద్దు, ఆ రాపిడి వేడికే పీఎల్ఏ కరుగుతుంది. పేపర్ మీద పొడికి బదులు చిన్న చిన్న ప్లాస్టిక్ ఉండలు కనబడినా, ప్లాస్టిక్ మీద ఒకచోట పూసినట్టు మెరుపు వచ్చినా వేడెక్కిందని అర్థం. నీళ్లతో రుద్దితే ఆ బాధ తగ్గుతుంది, దుమ్ము కూడా లేవదు. అయితే ప్రింట్‌లో సన్నని రంధ్రాలు ఉంటే నీళ్లు లోపలి జాలీలోకి దిగుతాయి. పైకి పొడిగా కనబడుతున్నా ఒక రోజు ఆగకపోతే తర్వాత పూత బుడగలు కడుతుంది.

గోడ మందం కూడా అడగండి. 0.4 మిల్లీమీటర్ల నాజిల్‌తో రెండు గోడలే వేసి ఉంటే ఉన్నది సుమారు 0.8 మిల్లీమీటర్లు. నెత్తి మీద ఎక్కువ రుద్దితే లోపలి జాలీ బయటపడుతుంది. ఈసారి ప్రింట్ చేసేటప్పుడు నాలుగు గోడలు పెట్టుకోమనండి.

ప్రైమర్ 20, 25 సెంటీమీటర్ల దూరం నుంచి, వస్తువు బయట మొదలుపెట్టి బయటే ముగిస్తూ, పలచని పూతలు రెండు మూడు కొట్టాలి. మధ్యలో డబ్బా మీద రాసినంత సేపు ఆగాలి. ఒక్క పూతకే గీతలు మాయమైతే సంతోషించకూడదు, మందం ఎక్కువైందని అనుమానించాలి. ఆ తర్వాత కనీసం ఒక రోజు, తేమ ఎక్కువున్న రోజుల్లో రెండు మూడు రోజులు వదిలేయాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ద్రావకం వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదు. వాసన లేకపోతే కనబడని మూల పొడి పేపర్‌తో నాలుగుసార్లు రుద్దాలి. పొడి రాలితే ఆరినట్టు, పేపర్‌కి జిగురులా అంటుకుంటే ఆరనట్టు.

మీ అమ్మాయికి ఎవరూ చెప్పలేదేమో అనిపించే పని ఒకటుంది, గైడ్ కోటు. ఆరిన బూడిద రంగు ప్రైమర్ మీద మ్యాట్ నలుపు రంగుని దూరం నుంచి తుంపరలా చల్లాలి, మిరియాల పొడి చల్లినట్టు. అది ఆరాక 400 పేపర్‌ని చదునైన చోట చెక్క దిమ్మకి, వంపుల్లో స్పాంజికి చుట్టి తడిగా రుద్దాలి. నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు. ప్లాస్టిక్ రంగు ఎక్కడ తేలితే అక్కడ గట్టు, వెంటనే చెయ్యి ఆపాలి. పక్కలకి మరో పలచని ప్రైమర్, నెత్తి మీద సన్నని నల్ల గీతలకి స్పాట్ పుట్టీ, మళ్లీ ఆరబెట్టడం, మళ్లీ నలుపు. నలుపంతా ఒకేసారి సమానంగా పోయే దాకా ఈ చుట్టు తిరగాలి. చివర 600తో ఒకసారి రుద్ది, వెండి రంగుకి ముందు నిగనిగలాడే నలుపు ఒక పూత వేసి, చీకటి గదిలో టార్చి పక్క నుంచి వేసి చూడమనండి. ఏ గీత మిగిలినా అక్కడే బయటపడుతుంది.

మాస్కుల విషయంలో మాత్రం పట్టుబట్టండి. దుమ్ము మాస్కు ద్రావకం ఆవిర్లని ఆపదు. స్ప్రే చేసేటప్పుడు ఆవిర్లకి పనికొచ్చే కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, గది కిటికీలు తెరిచి ఉండాలి. ఎసిటోన్ ఆవిరి పెడితే గీతలు కరిగిపోతాయని ఎవరైనా చెబితే, అది ఏబీఎస్ ప్లాస్టిక్ సంగతి. పీఎల్ఏ అలా నునుపు తేలదు.

రెజిన్ ప్రింటర్‌తో పోల్చమన్నారు. దాని పొర సాధారణంగా 0.05 మిల్లీమీటర్లు, గీతలు తక్కువే. కానీ ఇళ్లలో వాడే వాటిలో పూర్తి హెల్మెట్ సాధారణంగా పట్టదు. ముక్కలు చేసి అతకాలి, అతుకులకి పుట్టీ పెట్టాలి, సపోర్టుల మచ్చలు రుద్దాలి. ఆరని రెజిన్ చర్మానికి తగలకూడదు, కడగడానికి ఆల్కహాల్, చేతులకి గ్లవుజులు, గాలి ఆడే గది తప్పవు. అంటే సాండింగ్ పోదు, పైన ఇంకో బెడద వస్తుంది. ఇప్పుడు అందరూ కొంటున్నారు కాబట్టి మీకూ కొనాలనిపిస్తోంది, అంతకు మించి కారణం నాకు కనబడటం లేదు. సర్టిఫికెట్ కోర్సుల మీద నాకున్న అనుమానం ఇంకా పెద్దది. చాలావాటిలో సాఫ్ట్‌వేర్, మిషన్ నడపడం చెప్పి ముగిస్తారు. చేరే ముందు ఒక్క ప్రశ్న అడగండి: విద్యార్థి చేతే ఒక వస్తువుని ప్రింట్ నుంచి చివరి రంగు దాకా, ఆరబెట్టే రోజులతో సహా చేయిస్తారా? అవునని చెప్పి, పాత విద్యార్థుల వస్తువులు చూపిస్తే అప్పుడు ఆలోచించండి. ఈ నెలలో మాత్రం వద్దు.

నెల టైమ్‌లో మొదటి వారం హెల్మెట్ ఆరడానికే పోతుంది. ఆ వారంలో ఒక చిన్న పలకని పీఎల్ఏతో వంపుగా ప్రింట్ చేసి, దాన్ని నాలుగు పట్టీలుగా టేపుతో విడదీయమనండి. ఒకటి ఉత్త ప్లాస్టిక్, రెండోది పుట్టీ పెట్టినది, మూడోది సగం రుద్దిన గైడ్ కోటు, నాలుగోది పూర్తయినది. పక్క వెలుతురులో ఫోటో తీసి పోర్ట్‌ఫోలియోలో హెల్మెట్ పక్కనే పెట్టాలి. గీతలు తిరిగి తేలిన పాత హెల్మెట్ ఫోటో, ఎందుకు తేలాయో రెండు వాక్యాలు కూడా పెట్టమనండి, దాచమనకండి. పని తెలిసినవాళ్లు పోర్ట్‌ఫోలియో చూస్తే ఆ పేజీ దగ్గరే ఆగుతారు.

చివరి వారంలో ఏదో ఒక మూల గీత మిగిలిందని కనబడితే, రాత్రికి రాత్రి మందంగా ఇంకో ప్రైమర్ కొట్టనివ్వకండి. వెండి రంగు మానేసి ముదురు మ్యాట్ రంగు వేయమనండి. మ్యాట్ వెలుతురుని చెదరగొడుతుంది కాబట్టి సన్నని గీతలు అందులో కనబడవు.