ఫారెక్స్ కార్డా, డెబిట్ కార్డా: డెంటన్ వెళ్లే అమ్మలుకి

అమ్మలూ,

వీసా స్టాంపింగ్ అయిపోయిందనీ, ఆగస్టులో చదువుకి అమెరికాలోని డెంటన్‌కి ప్రయాణమనీ మీ నాన్న చెప్పాడు. ముందే డాలర్లు నింపుకుని వాడే ఫారెక్స్ కార్డు తీసుకోవాలా, ఉన్న డెబిట్ కార్డుతో గడిపేయొచ్చా అని నువ్వు అడిగావట. ఫోన్‌లో చెబితే అంకెలు గుర్తుండవు, అందుకే రాస్తున్నాను. ఫోన్‌లోనే దాచుకో, కౌంటర్ దగ్గర తీసి చూసుకోవచ్చు.

ముందు ట్యూషన్ ఫీజు సంగతి పక్కన పెట్టేద్దాం. అది ఏ కార్డుతోనూ కట్టకూడదు. బ్యాంకు నుంచి నేరుగా యూనివర్సిటీకి వైరు పంపడమే పద్ధతి. కార్డుతో కడితే యూనివర్సిటీ వాళ్లు పైన 2, 3 శాతం సర్‌ఛార్జి వేయడం మామూలే. కార్డు గొడవంతా మొదటి రెండు నెలల ఖర్చులకే: ఇంటి అద్దె, పరుపు, సరుకులు, ఫోన్ సిమ్ము. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచాక మీ నాన్న సరాసరి దానిలోకే పంపిస్తాడు. అంటే మనం మాట్లాడుకునేది సుమారు 2,000 డాలర్ల గురించి.

ఇప్పుడు అసలు విషయం. ఫారెక్స్ కార్డు అమ్మేవాళ్లు అందరూ లోడ్ ఫీజు గురించే మాట్లాడతారు. "మా దగ్గర లోడింగ్ ఫ్రీ మేడమ్" అంటారు. కార్డు ఇచ్చేందుకు 300, మళ్లీ లోడ్ చేస్తే 100, పైన జీఎస్టీ. ఇంతే కదా ఆ ఫీజు! డబ్బు పోయేది అక్కడ కాదు, డాలరు ఏ రేటుకి వేస్తున్నారన్న దాంట్లో. బ్యాంకులు తమలో తాము కొనుక్కునే రేటు ఒకటి, నీకు అమ్మే రేటు ఇంకొకటి. ఆ రెంటి మధ్య తేడాని ఏ రసీదులోనూ ఫీజు అని రాయరు.

లెక్క వేసి చూపిస్తాను. మార్కెట్ రేటు డాలరుకి 90 రూపాయలు అనుకుందాం, లెక్క తేలిగ్గా ఉంటుంది. మొదటి కౌంటర్ వాడు 91.35 చెప్పాడు, కార్డు ఫీజు 300. నువ్వు 1,000 డాలర్లు వేయించుకుంటే 91,350 రూపాయలు. కార్డు ఫీజు జీఎస్టీతో 354. కరెన్సీ మార్చినందుకు వేరే జీఎస్టీ ఉంటుంది. లక్షలోపు మొత్తానికి అందులో ఒక శాతాన్ని విలువగా తీసుకుని, దాని మీద 18 శాతం వేస్తారు. ఇక్కడ అది 164 రూపాయలు. మొత్తం 91,868.

రెండో కౌంటర్ వాడు అన్నీ ఫ్రీ అన్నాడు, రేటు మాత్రం 92.70. జీఎస్టీ 167 కలిపితే 92,867. ఉచితం అన్నవాడి దగ్గర సరిగ్గా 999 రూపాయలు ఎక్కువ పోయాయి.

ఇక డెబిట్ కార్డు. దీనిలో లోడ్ చేసేది ఏమీ లేదు. నువ్వు అక్కడ గీకినప్పుడు వీసా లేదా మాస్టర్‌కార్డ్ తన ఆ రోజు రేటుకి రూపాయల్లోకి మారుస్తుంది. ఆ రేటు మార్కెట్‌కి దగ్గర్లోనే ఉంటుంది, 90.30 అనుకో. దాని మీద మీ బ్యాంకు మార్కప్ అని ఇంకొంత శాతం వేస్తుంది. చాలా కార్డులకి 2 నుంచి 3.5 శాతం. మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది గనక 3.5 అన్నది నిజానికి 4.13 అవుతుంది. వెయ్యి డాలర్లకి 94,029. మొదటి ఫారెక్స్ కార్డుకంటే రెండు వేల పైచిలుకు ఎక్కువ. కానీ కొన్ని బ్యాంకులు మార్కప్ లేని డెబిట్ కార్డులిస్తున్నాయి. అలాంటిది నీ దగ్గర ఉంటే ఆ వెయ్యి డాలర్లు 90,300కే వచ్చేస్తాయి. అప్పుడు ఫారెక్స్ కార్డు ఓడిపోయినట్టే. కాబట్టి ముందు నీ డెబిట్ కార్డు ఛార్జీల పట్టిక తెరిచి, విదేశీ లావాదేవీల మార్కప్ ఎంతో చూడు. అది చూడకుండా ఏది మంచిదో ఎవరూ చెప్పలేరు.

కౌంటర్‌లో అడగాల్సింది ఒకటే ప్రశ్న: "మా ఖాతాలోంచి మొత్తం ఎన్ని రూపాయలు పోతాయి, కార్డులో ఎన్ని డాలర్లు పడతాయి?" రూపాయల్ని డాలర్లతో భాగించు. వచ్చిన అంకె ఎవరిది తక్కువైతే వాళ్ల దగ్గర తీసుకో. మూడు చోట్ల అడుగు, ఒకే గంటలో అడుగు, రేటు మారుతూ ఉంటుంది. శని, ఆదివారాల్లో మార్కెట్ ఉండదు గనక రేటు కాస్త పెంచి చెబుతారు, మామూలు పనిదినం చూసుకో. ఒకరి రేటు నచ్చితే కొంచెం తగ్గించమని బేరం ఆడు. సిగ్గుపడకు, పది ఇరవై పైసలు తగ్గించే వీలు కౌంటర్ వాళ్లకి ఉంటుంది. ఒప్పుకున్న రేటు ఎంతసేపు నిలబడుతుందో కూడా అడుగు, డబ్బు ఆ లోపల చేరకపోతే కొత్త రేటు వేస్తారు.

కాగితాలు: పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్, యూనివర్సిటీ పంపిన నీ ఐ-20, విదేశీ డబ్బు కొనేందుకు నింపే ఏ2 ఫారం. రూపాయలు 50,000 దాటితే నోట్లు తీసుకోరు, ఖాతా నుంచే కట్టాలి. డాలర్ నోట్లు ఒక ప్రయాణానికి 3,000 దాకా ఇస్తారు, నీకు అంత అక్కర్లేదు. 250 చాలు, అందులో ఇరవై డాలర్ల నోట్లే ఎక్కువ అడుగు. వంద నోటు ఇస్తే చిల్లర లేదనే చోట్లు చాలా ఉంటాయి.

ఇప్పుడు పరిమితుల గురించి. అవస్థ ఎక్కువ ఇక్కడే. ఫారెక్స్ కార్డుకి పరిమితి అంటే నువ్వు వేసుకున్న డబ్బే, దాని పైన ఏటీఎంకి ఒక రోజువారీ హద్దు. డెబిట్ కార్డుకి అలా కాదు. 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు విదేశంలో పనిచేయకుండానే వస్తాయి, యాప్‌లోకి వెళ్లి నువ్వే ఆన్ చేయాలి. ఏటీఎంకి, షాపుకి, ఆన్‌లైన్‌కి మూడు వేర్వేరు స్విచ్చులు, ఒక్కోదానికి ఒక్కో రోజువారీ పరిమితి, అదీ రూపాయల్లో. నీ ఆన్‌లైన్ పరిమితి 50,000 ఉందనుకో. అపార్ట్‌మెంట్ వాళ్ల పోర్టల్‌లో 900 డాలర్లు కట్టబోతే అది 81,000 రూపాయలు, ఖాతాలో నాలుగు లక్షలున్నా `Declined` అనే వస్తుంది. ఎందుకో స్క్రీన్ చెప్పదు. పిల్లలు మళ్లీ మళ్లీ నొక్కుతారు, చివరికి కార్డు లాక్ అవుతుంది. అలా వస్తే రెండోసారి నొక్కకుండా ముందు యాప్‌లో పరిమితి చూడు.

ఓటీపీ సంగతి కూడా చూసుకోవాలి. మీ నాన్న డెబిట్ కార్డు పట్టుకుపోదామనుకుంటున్నావేమో, వద్దు. ఒకరి కార్డు ఇంకొకరు వాడకూడదన్నది బ్యాంకు నిబంధన. పైగా నీకు సాయంత్రం నాలుగైతే ఇక్కడ తెల్లవారుజామున రెండున్నర, ఓటీపీ చెప్పడానికి ఆయన లేవాలి. నీ పేరు మీద కార్డు, నీ ఇండియా సిమ్ము రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ వచ్చేలా ఉంచుకో, ఎయిర్‌పోర్టుకి వెళ్లే ముందే పరీక్షించుకో.

ఏటీఎం దగ్గర చిన్న మొత్తాలు తీయకు. ఫారెక్స్ కార్డు వాడు ఒక్కసారికి సుమారు 2 డాలర్లు తీసుకుంటాడు, అక్కడి మెషీన్ వాడు ఇంకో 3. వంద తీస్తే 5 శాతం పోయినట్టు. మూడు వందలు ఒకేసారి తీస్తే రెండు శాతంలోపే. డెబిట్ కార్డుతో వంద తీస్తే బ్యాంకు ఫీజు 150, దాని మీద జీఎస్టీ, మెషీన్ రుసుము, మార్కప్ అన్నీ కలిసి తొమ్మిది డాలర్ల దాకా పోతాయి. డబ్బు బయటికి వచ్చే ముందు మెషీన్ ఒక మాట అడగొచ్చు: రూపాయల్లో లెక్కకట్టమంటారా అని. మన డబ్బులో కనిపిస్తుంది కదా అని ఒప్పుకుంటే వాడి సొంత రేటు వేస్తాడు, అన్నింట్లోకీ చెత్త రేటు అదే. `Decline Conversion` నొక్కు. లావాదేవీ ఆగిపోతుందేమోనని భయపడకు, అది ఆపేది మార్పిడిని మాత్రమే. షాపుల్లోనూ `INR` అని చూపిస్తే `USD` ఎంచుకో.

పెట్రోల్ బంకులో ఇంకో చిక్కు. పంపు దగ్గర కార్డు పెడితే ఐదంకెల జిప్ కోడ్ అడుగుతుంది, మన పిన్ కోడ్ ఆరంకెలు, కుదరదు. కుదిరినా ముప్పై డాలర్ల పెట్రోలుకి వందకి పైగా హోల్డ్ పెట్టేయొచ్చు. ప్రీపెయిడ్ కార్డులో అంత డబ్బు కొన్ని రోజులు చిక్కుకుపోతే సరుకులకి ఇబ్బంది పడతావు. లోపలికెళ్లి కౌంటర్‌లో ముందే ఇంత అని చెప్పి కట్టు. హోటల్ గదికీ హోల్డ్ ఉంటుంది, దానికి డెబిట్ కార్డు ఇవ్వు.

ఫారెక్స్ కార్డులో నాకు నచ్చేది ఒకటుంది. వస్తువు వాపసు ఇస్తే డాలర్లు డాలర్లుగానే కార్డులోకి వస్తాయి. డెబిట్ కార్డు మీదైతే ఆ రోజు రేటుకి రూపాయలు వస్తాయి, తీసుకున్న మార్కప్ తిరిగి రాకపోవచ్చు. అమెజాన్‌లో పరుపు, కుక్కరు కొని రెండు తిరిగి పంపేవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు. నచ్చనిదీ ఉంది: మిగిలిన డాలర్లని రూపాయలు చేయిస్తే ఈసారి తక్కువ రేటు కట్టి కొంటారు. ఎక్కి ఒకసారి, దిగి ఒకసారి నష్టం. అందుకే ఐదు వేలు నింపుకుని వెళ్లకు. దోహాలో విమానం మారేటప్పుడు కాఫీ తాగడానికి రియాల్ వాలెట్ కూడా తెరవమంటారు, వద్దు. డాలరు కార్డుతో కొంటే మార్పిడికి మూడు శాతం పోతుంది, ఒక కాఫీకి అదెంత?

నీకు మార్కప్ ఉన్న డెబిట్ కార్డే ఉంటే 1,500 డాలర్లు ఫారెక్స్ కార్డులో, 250 నోట్లు, డెబిట్ కార్డు అత్యవసరానికి. మార్కప్ లేని కార్డు దొరికితే తిప్పేయ్: అదే ప్రధానం, ఫారెక్స్‌లో 500 చాలు. ఫారెక్స్ పూర్తిగా మానేయమనను. డెబిట్ కార్డు నంబరు దొంగ చేతికి చిక్కితే ఖాతా మొత్తం వాడి ముందున్నట్టే, ఫారెక్స్ కార్డులో పోయేది ఉన్నంతే.

ఫీజు వైరు, కార్డు లోడు, డెబిట్ వాడకం అన్నీ మనిషికి ఏడాదికి విదేశాలకి పంపనిచ్చే 2.5 లక్షల డాలర్ల ఎల్ఆర్ఎస్ హద్దులోకే వస్తాయి. ఒకే పాన్ మీద సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటితే టీసీఎస్ అని బ్యాంకు ముందే కొంత పన్ను పట్టుకోవచ్చు, అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది. చదువుకి వెళ్లినవాళ్లని విదేశీ మారక చట్టం ఫెమా కింద ఎన్నారైలుగానే చూస్తారు గనక, అక్కడికి చేరాక నీ సేవింగ్స్ ఖాతాని ఎన్నారైలకుండే ఎన్నార్వో ఖాతాగా మార్చమని బ్యాంకుకి రాయాలి. అప్పుడు పాత డెబిట్ కార్డు ఆగిపోవచ్చు. అందుకే అక్కడి ఖాతా తెరిచాకే ఆ ఉత్తరం పంపు, అలాగని నెలల తరబడి నాన్చకు.

ఫారెక్స్ కార్డుతో పాటు కవర్లో రెండో కార్డు ఇస్తే దాన్ని మొదటిదానితో కలిపి పెట్టకు. ఒకటి హ్యాండ్ బ్యాగులో, రెండోది సూట్‌కేసులో కాదు, బాక్‌ప్యాక్‌లో. చెక్ ఇన్ చేసిన సూట్‌కేసు ఆలస్యంగా వచ్చిందంటే కార్డు కూడా ఆలస్యమే.

నీ పెదనాన్న