వినాయకుడికి హెల్మెట్ పెట్టేముందు

హైదరాబాద్

తమ్ముడూ,

నీ సినిమాకి కచ్చా బొమ్మలతో కట్టిన నమూనా, ఆ యానిమేటిక్ చూశాను. మాటల్లేని సినిమా అని నువ్వే రాశావు కాబట్టి సౌండ్ పూర్తిగా తీసేసి చూశాను. చలాన్ క్లోజప్ రాగానే ఆపేశాను. ఆ కాగితం మీద "వెనక కూర్చున్న వ్యక్తికి హెల్మెట్ లేదు" అని అక్షరాలా రాసి పెట్టావు. నోటితో చెప్పకుండా కాగితం మీద రాస్తే అది మాట కాకుండా పోతుందా? నాకు ఎంత కోపం వచ్చిందంటే, మిగతాది మర్నాడు గానీ చూడలేకపోయాను.

ఆలోచన బాగుంది. ధూల్‌పేటలో మట్టి వినాయకుణ్ణి కొని, స్కూటర్ వెనక సీటు మీద తాడుతో కట్టి, వానలో ఇంటికి బయల్దేరిన మనిషి. కానిస్టేబుల్ ఆపి, వెనకాయనకు హెల్మెట్ ఏదని అడగడం. ఇది బొమ్మల కోసమే పుట్టిన గ్యాగ్. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు దాన్ని అయిదు షాట్లుగా కోశావు. స్కూటర్ ఎదురుగా వస్తుంది. కానిస్టేబుల్ మొహం. చలాన్. స్కూటర్ మనిషి మొహం. వినాయకుడి తల మీద హెల్మెట్. మొదటి షాట్‌లోనే సంగతి చెడిపోయింది. స్కూటర్‌ని ఎదురుగా పెడితే నడిపేవాడి వెనక వినాయకుడు దాక్కుంటాడు. అసలు విషయమే కనపడని షాట్‌తో మొదలుపెట్టి, ఆ లోటు పూడ్చడానికి నాలుగు క్లోజప్పులు తెచ్చుకున్నావు. అవీ చాలక కాగితం మీద అక్షరాలు.

ఇప్పుడు నేను చెప్పేది నా పట్టుదల అనుకున్నా సరే. బొమ్మకు లోపల గీతలన్నీ తీసేసి, నిండా నలుపు పూసి చూడు. ఆ నల్లటి ఆకారం ఒక్కటే కథ చెప్పగలిగితే ఆ ఫోజు నిలబడుతుంది. చెప్పలేకపోతే దాని మీద ఎంత రంగు వేసినా, కళ్లకు ఎంత మెరుపు పెట్టినా దండగ. నేను కొత్తగా పనిలో చేరినప్పుడు, విదేశాల నుంచి వచ్చిన సీరియళ్లకు రాత్రుళ్లు రెండు ఫోజుల మధ్య వచ్చే బొమ్మలు, అదే ఇన్‌బిట్వీన్లు గీసేవాళ్లం. అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. ఎవరు ఏ ఫోజు తెచ్చినా, దాని మీద ఇంకో కాగితం పెట్టి, లైట్ బాక్స్ వెలుగులో అంచు వెంబడి గీసి లోపలంతా మార్కర్‌తో నింపేసేవారు. ఆ నల్ల మచ్చను తిప్పి మనకే చూపించి "వీడేం చేస్తున్నాడు?" అని అడిగేవారు. ఆ స్టూడియో జీతాలు ఎగ్గొట్టి మూతపడింది. నాకు రావాల్సింది ఇప్పటికీ రాలేదు. ఆయన నేర్పింది మాత్రం దక్కింది.

ఇది ఆయన కనిపెట్టిందేమీ కాదు. తొలినాళ్ల డిస్నీ కార్టూన్లలో మిక్కీ ఒళ్లు నలుపే, చేతులూ నలుపే. చెయ్యి ఛాతీ ముందుకు వస్తే మాయమైపోయేది. అందుకని ప్రతి పనినీ పక్కకు తిప్పి, ఒంటికి దూరంగా చూపించడం వాళ్లకు తప్పనిసరైంది. 1929లో మిక్కీకి తెల్ల గ్లౌజులు తొడిగారు. చేతులు కనపడ్డాయి గానీ, పక్క నుంచి చూపించే అలవాటు పోలేదు, ఎందుకంటే అది పనిచేసింది. మన తోలుబొమ్మల సంగతి చూడు. నిమ్మలకుంట బొమ్మల్లో చాలా వాటికి మొహం పక్కకే ఉంటుంది. ముక్కు, గడ్డం, కిరీటం అంచు, చెయ్యి, అన్నీ తెర మీద విడివిడిగా కనపడాలి మరి. ఆ ఆటలో నవ్వించే పాత్రలు బంగారక్క, కేతిగాడు తెర మీదికి రాగానే జనం నవ్వడం మొదలుపెట్టేది ఆ ఆకారాలు చూసే.

ఇక నీ గ్యాగ్‌ని మళ్లీ కడదాం. అయిదు షాట్లు వద్దు. ఒక్కటే వైడ్ షాట్, పూర్తిగా పక్క నుంచి. ఎడమ నుంచి స్కూటర్ వస్తుంది, కుడి పక్కన కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు, కెమెరా కదలదు. ఇక్కడ చాలామందికి భయం వేస్తుంది, కెమెరా కదలకపోతే బోర్ కొడుతుందని. ఈమధ్య ఎవరి షార్ట్ చూసినా కెమెరా గాల్లో గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. గ్యాగ్ జరిగేటప్పుడు కెమెరా కూడా తిరిగితే చూసేవాడి కన్ను దేన్ని పట్టుకోవాలి? మూకీ సినిమాల హాస్యనటుడు బస్టర్ కీటన్ తన పాట్లను నిండు మనిషి కనపడేలా దూరం నుంచి తీయించుకున్నది అందుకే. కట్ చేస్తే అది నిజంగా జరిగిందన్న నమ్మకం పోతుంది.

అయితే ఈ షాట్ పండాలంటే ముందు ఒక విత్తనం వెయ్యాలి. ధూల్‌పేట సీన్‌లో వినాయకుణ్ణి పక్క నుంచి, ఏ కవరూ లేకుండా, కనీసం రెండు సెకన్లు చూపించు. సెకనుకు 24 ఫ్రేములు కదా, అంటే 48 ఫ్రేములు. తొండం, చెవి, బొజ్జ, కిరీటం మనసులో ముద్రపడాలి. తర్వాత వాన మొదలవుతుంది, మనిషి ప్లాస్టిక్ కవర్ కప్పుతాడు. ఇప్పుడు నల్లగా పూసి చూడు. తొండం పోయింది, కిరీటం మొన పోయింది, మిగిలింది దుప్పటి కప్పుకుని కూర్చున్న ఒక లావుపాటి మనిషి. అదే ఆకారాన్ని మనం వినాయకుడిగా చూస్తున్నాం, కానిస్టేబుల్ మనిషిగా చూస్తున్నాడు. గ్యాగ్ అంతా ఆ తేడాలోనే ఉంది. దానికి చలాన్ ఎందుకు?

ఒక జాగ్రత్త. నీ బొమ్మలో నడిపేవాడి వీపు, వినాయకుడి బొజ్జ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నలుపు పూస్తే రెండు తలలున్న ఒకే ముద్ద కనపడుతుంది. వాళ్లిద్దరి మధ్య ఒక సందు ఉంచు, దాంట్లోంచి వెనక ఆకాశం తెల్లగా కనపడాలి. తలల వెనక హోర్డింగులు పెట్టావు, వాటిని పీకెయ్. హైదరాబాద్ రోడ్డు అని తెలియడానికి హోర్డింగులే కావాలా? తలల వెనక వాన వెలిసిన ఖాళీ ఆకాశం పెట్టు.

కానిస్టేబుల్ చెయ్యెత్తి ఆపుతాడు. చెయ్యి పైకి, పక్కకు చాపి ఉండాలి. నువ్వు గీసినట్టు కెమెరా వైపు చాపితే నలుపులో అది మొండి చెయ్యి. రెండో చెయ్యి నడుం మీద, మోచెయ్యి బయటికి, మోచేతికీ ఒంటికీ మధ్య సందు. మరో సంగతి, నల్ల ఆకారంలో మనిషి మన వైపు చూస్తున్నాడో అటు తిరిగాడో ఎప్పటికీ తెలియదు. కాబట్టి టోపీ అంచు, ముక్కు, బొజ్జ మూడూ స్కూటర్ వైపే ఉండాలి.

ఇప్పుడు గాలికి కవర్ లేస్తుంది, తొండం బయటపడుతుంది. ఇక్కడ తొందరపడకు. కానిస్టేబుల్ చూడాలి, అర్థం చేసుకోవాలి, ఆ తర్వాత కదలాలి. ఈ మూడింటినీ కలిపేస్తే నవ్వు రాదు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఓ పన్నెండు ఫ్రేములు ఆగనీ. తర్వాత దించి దణ్ణం పెడతాడు. ప్రేక్షకుడు అయిపోయిందనుకుంటాడు. అప్పుడు దణ్ణం పెట్టిన చేతుల్లో ఒకటి మెల్లగా లేచి, వినాయకుడి తలను చూపిస్తుంది. హెల్మెట్!

మన మనిషి తన హెల్మెట్ తీసి వినాయకుడికి పెడతాడు. నీ బొమ్మలో అది నిండుగా, శుభ్రంగా సరిపోయింది. కిరీటం ఎటు పోయింది? కిరీటం మీద హెల్మెట్ కూర్చోదు, పక్కకు ఒరిగి ఊగుతుంది. ఊగనీ, ఆ ఊపే అక్కడ నవ్వు. పైగా మొహమంతా మూసే హెల్మెట్ ఇచ్చావు, తొండం ఎక్కడికి పోవాలి? ముందు తెరిచి ఉండే హెల్మెట్ పెట్టు. అప్పుడు తొండం, ఒరిగిన హెల్మెట్, కిరీటం అంచు మూడూ నలుపులో విడిగా చదువుకోవచ్చు.

ఇక్కడ ఒక సెకను ఎవరూ కదలొద్దు. ఆ సెకనులో ప్రేక్షకుడు ఒకటి గమనిస్తాడు, ఇప్పుడు నడిపేవాడి తల బోడిగా ఉందని. కానిస్టేబుల్ కంటే ముందు ప్రేక్షకుడే కనిపెట్టాలి. కనిపెట్టి నవ్వబోతుండగా కానిస్టేబుల్ వేలు వినాయకుడి నుంచి మెల్లగా మనిషి వైపు జరగాలి. రెండు తలలు, ఒకటే హెల్మెట్. నీ కథ ఇక్కడ డబ్బు కట్టించి ముగిసింది. డబ్బు కట్టడం గ్యాగ్ కాదు. మనిషి దిగి, స్కూటర్‌ని నడిపించుకుంటూ వెళ్తాడు, హెల్మెట్ పెట్టుకున్న వినాయకుడు దర్జాగా కూర్చుని ఉంటాడు. హెల్మెట్ లేనివాడు బండి మీద లేడు, కానిస్టేబుల్ ఏమీ అనలేడు. అంతా ఒకే షాట్‌లో, ఒక్క అక్షరం లేకుండా.

నువ్వు అర్థంలేని గొణుగుడు శబ్దాలు కూడా పెట్టావు, పాత్రలు గుడగుడమంటూ మాట్లాడుకున్నట్టు. ఇది పిల్లల ఛానెళ్లవాళ్లు అంటించిన జబ్బు. వాచ్‌మన్, వీధికుక్క మీద నేను చేసిన ఒక షార్ట్‌కి ఇలాగే పట్టుబట్టారు. పిల్లలకు అర్థం కాదన్నారు, నా మాట వినకుండా వెనక నుంచి ఒక గొంతు కూడా పెట్టించారు. ప్రివ్యూకి పిల్లలు వచ్చారు. కుక్క గేటు దూకగానే పిల్లలు నవ్వారు, ఆ తర్వాత గొంతు "కుక్క గేటు దూకింది" అంది. రెండో గ్యాగ్‌కి పిల్లలు నవ్వకుండా ఆ గొంతు కోసం ఎదురుచూశారు. ఆ హాల్లో కూర్చున్న బాధ నాకింకా తగ్గలేదు. బండి చప్పుడు, వాన చప్పుడు, విజిల్ ఉంచుకో. గొణుగుడు తీసెయ్.

స్క్రిప్టు మూడో పేజీలో "ఆ స్కూటర్ చూసి అతనికి నాన్న గుర్తొచ్చాడు" అని రాశావు. గుర్తు రావడాన్ని ఏ ఆకారంతో గీస్తావు? నల్లటి ఆకారానికి దూరం, బరువు, దిక్కు, కోరిక చెప్పడం చేతనవును. గతం చెప్పడం చేతకాదు. నాన్నని ఈ సినిమాలోంచి తీసెయ్. ఆయన మీద ఇంకో సినిమా చెయ్.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఏ ఫెస్టివల్‌కి పంపాలి అని అడిగావు. వాటి గురించి ఇప్పుడు రాయను. ముందు ఇది చెయ్. పాత్రలన్నిటికీ నలుపు, వెనకంతా తెలుపు పెట్టి యానిమేటిక్‌ని మళ్లీ తీయి. తెర మీద స్టాంపు బిళ్లంత చిన్నది చేసి, కథ తెలియని ఒకరికి చూపించు. బాగుందా అని అడగొద్దు, ఏం జరిగిందో చెప్పమను. మధ్యలో నువ్వు నోరు తెరవొద్దు. "ఎవరో ఎవరికో ఏదో పెట్టాడు" అంటే హెల్మెట్ ఫోజు మళ్లీ గియ్యాలి. "పోలీసు తిట్టాడు" అంటే దణ్ణం చదవబడలేదు, మోచేతులు ఇంకా ఒంటికి అతుక్కునే ఉన్నాయన్నమాట. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి, ఆ నల్ల యానిమేటిక్‌తో పాటు నాకు పంపు. సౌండ్ పెట్టకు.

ఇట్లు,
మీ అన్న