డిబేట్ ప్రసంగం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రసంగం రెండుసార్లు చదివాను. 'తరగతి గదుల్లో ఉపాధ్యాయుల స్థానంలో కంప్యూటర్ ట్యూటర్లు రావాలి' అన్న అంశానికి వ్యతిరేకంగా రాశావు. 'యంత్రానికి మనసు ఉండదు' అని మొదలుపెట్టి, గురుబ్రహ్మ శ్లోకంతో ముగించావు. రెండూ తీసెయ్యి. నీ పక్షాన మాట్లాడే వాళ్లందరూ అవే చెబుతారు. పైగా అవతలి నుంచి ఒక గట్టి ఆధారం వచ్చేసరికి అవి నిలబడవు.

ఆ ఆధారాన్ని వాళ్లకంటే ముందు నువ్వే బయటపెట్టు. ఢిల్లీలో 2015లో మొదలైన ఒక అధ్యయనం ఉంది. కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు చేశారు, 2019లో అచ్చయింది. ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 9 తరగతులు చదివే 619 మంది పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవాళ్లను బడి అయ్యాక మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న కేంద్రాలకు ఉచితంగా పంపారు. నాలుగున్నర నెలల్లో వాళ్లు లెక్కల్లో సాధించిన ప్రగతి, లాటరీ రానివాళ్లతో పోలిస్తే దాదాపు రెండింతలు.

ఎందుకలా జరిగిందో సభకు నువ్వే వివరించాలి. ఆరో తరగతిలో కూర్చున్న పిల్లవాడు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నాడు. టీచర్ ఆరో తరగతి పాఠం చెబుతుంటే ఆ పాఠం అతన్ని దాటిపోతోంది. సాఫ్ట్‌వేర్ అతను ఆగిపోయిన చోటు నుంచి మొదలుపెడుతుంది. ఒక ఉదాహరణ రాస్తాను, ఇలాంటిది ప్రసంగంలో తప్పక ఉండాలి. 3.5, 3.72లలో ఏది పెద్దదని అడిగితే, ఒక పాప 3.72 అంటుంది. సరైన జవాబే. 3.5, 3.27లలో ఏదంటే 3.27 అంటుంది. చుక్క తర్వాత ఉన్నది 27 కాబట్టి అది 5 కన్నా పెద్దదని ఆమె అనుకుంటోంది. మొదటి ప్రశ్న ఒక్కటే అడిగితే ఆ పొరపాటు ఎప్పటికీ బయటపడదు. మంచి ట్యూటర్ ప్రోగ్రామ్ రెండు రకాలూ అడిగి, జవాబుల వరుస చూసి దాన్ని పట్టుకుంటుంది. నలభై నోట్‌బుక్కులు దిద్దే టీచరమ్మకు ఆ తీరిక ఎక్కడిది?

ఇంతవరకు ఒప్పుకున్నాక నీ వాదన మొదలవుతుంది. ఆ కేంద్రాల్లో పిల్లలు గడిపింది రోజుకు 90 నిమిషాలు. అందులో కంప్యూటర్ ముందు 45 నిమిషాలే. మిగతా 45 నిమిషాలు ఒక మనిషి చిన్న గుంపుకు పాఠం చెప్పడం, హోంవర్క్ చేయించడం. ఇక్కడ నువ్వు జారిపోయే ప్రమాదం ఉంది. 'ఫలితమంతా ఆ మనిషి వల్లే' అనకు. ఎక్కువ వాటా సాఫ్ట్‌వేర్‌దేనని పరిశోధకులే భావించారు. ఆ మాట అన్నావంటే ఎదుటివాళ్లు నిన్ను అక్కడే పట్టుకుంటారు.

నీకు అంతకన్నా గట్టి పాయింట్ ఉంది. ఆ పిల్లలు పగలు బడికి వెళ్లారు. సాఫ్ట్‌వేర్ టీచరుకు తోడుగా వచ్చింది, టీచరును తీసేసి చూడలేదు. అంటే అంశంలోని 'స్థానంలో' అన్న మాటను ఈ అధ్యయనం అసలు పరీక్షించలేదు. ఇంకొకటి, లాటరీ గెలిచిన పిల్లలు కేంద్రానికి వచ్చింది సగటున సగానికి కాస్త ఎక్కువ రోజులే. రాని పిల్లవాడు ఎందుకు రాలేదో ఇంటికి వెళ్లి కనుక్కోవడానికి ఒక మనిషే కావాలి. మనసు గురించి నువ్వు చెప్పాలనుకున్నది ఇక్కడ చెప్పు. ఒక్క వాక్యం చాలు.

ఇక ముగింపు. 'రెండూ మంచివే, రెండూ కావాలి' అని రాశావు. నేను జడ్జిగా కూర్చున్నప్పుడు అలాంటి ముగింపు వినగానే పెన్ను కింద పెట్టేసేదాన్ని. వక్త ఏ పక్షమో తెలియకుండా పోతుంది. సమతూకం అంటే ఏ పని ఎవరికి ఇవ్వాలో తేల్చి చెప్పడం. ఇలా రాసి చూడు:

'పెద్దలారా, చుక్క తర్వాతి అంకెల దగ్గర ఆగిపోయిన పాపకు సరైన ప్రశ్న వెతికి ఇచ్చే పని యంత్రానికి ఇవ్వండి. ఆ పని దానికి బాగా వచ్చని మేం ఒప్పుకుంటున్నాం. అలా మిగిలిన సమయాన్ని టీచరుకు ఇవ్వండి, ఆ పాప పక్కన కూర్చోవడానికి, రాని పిల్లల ఇంటికి వెళ్లడానికి. టీచరు లేని తరగతిలో పిల్లలు నేర్చుకుంటారని రుజువు చూపిన రోజు మేం మళ్లీ వింటాం. అప్పటిదాకా ఈ అంశాన్ని తిరస్కరించమని కోరుతున్నాం.'

దీన్ని నీ మాటల్లో తిరగరాసి, టైమ్ చూసుకుంటూ పైకి చదువు. ఎక్కువైతే అంకెలు తగ్గించు, పాప ఉదాహరణ మాత్రం తీయకు. కొత్త ప్రతి ఆదివారంలోగా పంపు.

మీ అత్తయ్య