జీతం పెరిగిందన్న మాట బ్యాంకుకు చేరాలంటే

ప్రశ్న: సార్, నేను శ్రీసిటీలో ఒక కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. ఇప్పుడు చేతికి 42,000 వస్తుంది. వచ్చే నెల నుంచి 8,000 పెంచుతామని మా మేనేజర్ నోటిమాటగా చెప్పారు. కరకంబాడి రోడ్డులో 28 లక్షలకు ఫ్లాట్ చూశాం, 23 లక్షలు లోన్ కావాలి. మా దగ్గర 8 లక్షలున్నాయి. స్కూటీ లోన్‌కు నెలకు 3,500 కడుతున్నాను, ఇంకా 11 వాయిదాలున్నాయి. పెరిగే జీతం లెక్కలోకి తీసుకోవాలంటే కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెమ్మని బ్యాంకువాళ్లు అంటున్నారు. హెచ్‌ఆర్‌ని ఎలా అడగాలి? అడిగితే తప్పుగా అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.
— తిరుపతి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇందులో తప్పుగా అనుకోవడానికి ఏమీ లేదు. ఇంటి లోన్ కోసం ఉద్యోగులు లెటర్ అడగడం హెచ్‌ఆర్‌కు మామూలే. వాళ్లు వెనకాడేది ఎక్కువగా ఒక్క విషయంలోనే: ఇంకా ఖరారు కాని పెంపును కాగితం మీద పెడితే కంపెనీ దానికి కట్టుబడాల్సి వస్తుందేమోనని. అందుకే లెటర్ అడిగే ముందు మీ పెంపు ఏ దశలో ఉందో తెలుసుకోండి. మేనేజర్ తన వంతుగా సిఫారసు మాత్రమే చేశారా, లేక పైవాళ్లు ఆమోదించి పేరోల్‌కు పంపేశారా? ఆమోదం వచ్చేసి ఉంటే హెచ్‌ఆర్‌కు లెటర్ ఇవ్వడం కష్టం కాదు. సిఫారసు దశలోనే ఉంటే మాత్రం హెచ్‌ఆర్ ఎంత మంచివాళ్లయినా "పెంచే అవకాశం ఉంది" అని తప్ప రాయలేరు. ఆ వాక్యం మీద ఏ బ్యాంకూ లోన్ పెంచదు.

ఆమోదం అయిందని తేలాక మేనేజర్‌ను కాపీలో పెట్టి హెచ్‌ఆర్‌కు మెయిల్ పంపండి. నోటితో అడిగింది మరిచిపోతారు, మెయిల్ అయితే వాళ్ల పై అధికారికి చూపించుకోవడానికీ పనికొస్తుంది. నాలుగు వాక్యాలు చాలు: "నా జీతం సవరణ ఆమోదం పొందిందని మా మేనేజర్ చెప్పారు. ఇంటి లోన్ కోసం బ్యాంకు దానికి రాతపూర్వక ధృవీకరణ అడుగుతోంది. నా శాలరీ రివిజన్ లెటర్ కాపీ, దాంతోపాటు బ్రాంచ్ మేనేజర్ పేరిట ఒక లెటర్ ఇప్పించగలరు. లోన్‌కు సంబంధించి కంపెనీపై ఎలాంటి బాధ్యతా ఉండదని అందులో రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు." ఈ చివరి వాక్యం తప్పకుండా పెట్టండి. కంపెనీ పూచీ పడుతున్నట్టు అవుతుందన్న భయం దానితో పోతుంది, బ్యాంకు కూడా దాన్ని తప్పుపట్టదు.

లెటర్ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. మీ పేరు, ఎంప్లాయీ నంబరు, హోదా, చేరిన తేదీ, ఉద్యోగం కన్ఫర్మ్ అయిందన్న మాట, పాత జీతం, కొత్త జీతం, ఏ తేదీ నుంచి అమలు అన్నవి రాయాలి. సంతకం చేసినవారి పేరు, హోదా, ఆఫీసు ఫోన్ నంబరు, సీలు కింద ఉండాలి. బ్యాంకు ఆ నంబరుకు ఫోన్ చేసో, కంపెనీ మెయిల్‌కు రాసో సరిచూసుకోవచ్చు. అలా ఫోన్ వస్తుందని హెచ్‌ఆర్‌కు ముందే చెప్పి ఉంచండి. అవతలివాళ్లు "మాకు తెలియదే" అన్నారంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది కొత్త జీతం విడివిడిగా రాయించుకోవడం: బేసిక్ ఎంత, హెచ్‌ఆర్‌ఏ ఎంత, మిగతా అలవెన్సులు ఎంత, ఇన్సెంటివ్ ఎంత అని. ఎందుకో మీ అంకెలతోనే చూద్దాం. వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే లక్షకు నెలవాయిదా దాదాపు 900 పడుతుంది. చేతికొచ్చే జీతంలో సగం వరకు అన్ని వాయిదాలకూ కలిపి బ్యాంకు ఒప్పుకుంటుందని తీసుకుందాం. మీ బ్యాంకు లెక్క కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి.

ఇప్పటి 42,000లో సగం 21,000. స్కూటీకి 3,500 పోతే మిగిలేది 17,500. దానికి వచ్చే లోన్ సుమారు 19.4 లక్షలు. పెంచే 8,000లో బేసిక్ 4,000 అనుకుంటే, పూర్తి బేసిక్ మీద పీఎఫ్ పట్టే కంపెనీలో 12 శాతం చొప్పున 480 కోత పడుతుంది. అంటే చేతికి పెరిగేది దాదాపు 7,500, కొత్త జీతం 49,500. అందులో సగంలోంచి స్కూటీ వాయిదా తీసేస్తే 21,250, లోన్ 23.6 లక్షలు. మీ పని జరిగిపోతుంది. కానీ ఆ 8,000లో 2,000 ప్రొడక్షన్ ఇన్సెంటివ్ అయితే? నెలనెలా మారే ఆ మొత్తాన్ని బ్యాంకు పక్కన పెడితే జీతం 47,500 దగ్గర ఆగుతుంది, లోన్ 22.5 లక్షలకు దిగుతుంది. మీకు 50 వేలు తక్కువ పడుతుంది. మేనేజర్ "8 వేలు" అన్నప్పుడు ఈ తేడా చెప్పి ఉండకపోవచ్చు. ఇంటివాళ్లకు మాటిచ్చే ముందే కనుక్కోండి.

ఇక్కడ లెటర్ కన్నా మీ చేతిలోనే ఉన్న దారి ఇంకొకటి ఉంది, నా సలహా అయితే ముందు దాన్నే చూడమని. స్కూటీ లోన్ ముందుగా తీర్చేయండి. 11 వాయిదాలంటే 38,500, అసలు బాకీ దానికన్నా కొంచెం తక్కువే ఉంటుంది. ముందే తీర్చినందుకు ఛార్జీ ఏమైనా పడుతుందేమో అడగండి. ఆ 3,500 పోతే పాత జీతం మీదే 21,000 మొత్తం ఇంటి వాయిదాకు దొరుకుతుంది, దానికి 23.3 లక్షలు వస్తాయి. పెంపు లెటర్ లేకుండానే మీ 23 లక్షలు అందుతాయన్నమాట. ఫ్లాట్‌కు మీరు పెట్టాల్సింది 5 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు సుమారు 2 లక్షల చిల్లర. స్కూటీ బాకీ తీర్చినా మీ 8 లక్షల్లో కొద్దిగా మిగులుతుంది. బాకీ తీరినట్టు నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని బ్యాంకుకు ఇవ్వండి. సిబిల్ రిపోర్టులో ఆ మార్పు కనపడటానికి కొన్ని వారాలు పట్టొచ్చు.

అలాగని లెటర్ వదిలేయకండి. పై లెక్కలో మిగులు చాలా తక్కువ, వడ్డీ కాస్త ఎక్కువ చెప్పినా 23 లక్షలు చేరవు. అప్పుడు లెటర్ ఆదుకుంటుంది.

కాగితం మీద కాస్త పెంచి రాయించుకోమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్‌లలో అంకెలు కలవకపోతే బ్యాంకు ఇట్టే పసిగడుతుంది. అప్పుడు లోన్ తిరస్కరణతో ఆగదు, తప్పుడు పత్రం పెట్టినట్టు మీ పేరు మీద ఉంటుంది. మీ ఉద్యోగానికీ, సంతకం చేసినవారి ఉద్యోగానికీ ముప్పు.

లెటర్ తెచ్చాక కూడా కొత్త జీతం ఒక్క నెలైనా ఖాతాలో పడాలని కొన్ని బ్యాంకులు అంటాయి, ఇంకొన్ని మూడు నెలల పే స్లిప్‌లు అడుగుతాయి. మీ బ్రాంచ్‌లో ఏది చెల్లుతుందో ఈ వారమే అడగండి. ఆ గడువు తేలేదాకా ఫ్లాట్ యజమానికి పెద్ద అడ్వాన్స్ ఇవ్వకండి. అగ్రిమెంట్ రాసుకుంటే, లోన్ మంజూరు కాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇస్తారన్న షరతు అందులో ఉండేలా చూసుకోండి.